‘రా’ పోయి ‘ఓకే’ వచ్చినప్పుడు: మెసేజ్‌లలో భాష మారితే ఏం అర్థం చేసుకోవాలి?

రోజూ రాత్రి “తిన్నావా రా?” అని వచ్చే మెసేజ్ ఒకరోజు “హ్యాడ్ డిన్నర్?” అని వస్తుంది. అడిగింది అదే ప్రశ్న. అడిగిన మనిషీ అదే, అడిగిన వేళా అదే. అయినా చదివిన మనిషికి ఏదో తేడా కొడుతుంది. కోపం వచ్చిందా, దూరం పెరిగిందా, లేక ఆఫీసులో పని మధ్య హడావిడిగా కొట్టిన మెసేజా? స్నేహితులకు స్క్రీన్‌షాట్ పంపి “దీని అర్థం ఏమిటంటావ్?” అని అడిగేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అడిగితే వచ్చే జవాబులు ఎక్కువగా ఊహలే. నిజానికి రెండు భాషలు వాడేవాళ్లు ఒక భాష నుంచి ఇంకో భాషకు ఎందుకు, ఎప్పుడు మారతారన్నది భాషాశాస్త్రంలో యాభై ఏళ్లకు పైగా పరిశీలిస్తున్న విషయం. అందులో తేలిన కొన్ని సంగతులు తెలుగు మెసేజ్‌లకు బాగా సరిపోతాయి. కొన్ని మాత్రం తెలుగుకు ఉన్న ప్రత్యేకత వల్ల కొత్తగా చూడాల్సి వస్తుంది.

క్లుప్తంగా

మెసేజ్‌లో ఎన్ని ఇంగ్లిష్ మాటలు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. క్రియ ఏ భాషలో ముగిసింది, పిలుపు ఉందా పోయిందా అన్నదే చూడాలి. ఇంగ్లిష్‌కు మారడం దానంతట అది కోపమూ కాదు, తెలుగుకు రావడం దానంతట అది ప్రేమా కాదు. ఆ ఇద్దరి మధ్య ఉన్న అలవాటు నుంచి ఎటు జరిగారు, ఎంతకాలం జరిగి ఉన్నారు, ఏ విషయంలో జరిగారు అన్నదాన్ని బట్టే అర్థం వస్తుంది.

ఇంగ్లిష్ మాటలు లెక్కపెడితే దారి తప్పుతాం

“లేట్ అవుతుంది, నువ్వు డిన్నర్ చేసెయ్, నా కోసం వెయిట్ చేయకు.” ఈ మెసేజ్‌లో లేట్, డిన్నర్, వెయిట్ అని మూడు ఇంగ్లిష్ మాటలున్నాయి. దీన్ని చదివిన ఏ తెలుగువాడికీ ఇది ఇంగ్లిష్ మెసేజ్ అనిపించదు. “విల్ బీ లేట్. డోంట్ వెయిట్” అన్నది మాత్రం ఇంగ్లిష్ మెసేజే. రెండింటిలో ఉన్న సమాచారం దాదాపు ఒక్కటే అయినా చెవిన పడే తీరు వేరు.

ఈ తేడాను కరోల్ మైయర్స్ స్కాటన్ అనే భాషాశాస్త్రవేత్త 1993లో ఒక సిద్ధాంతంగా వివరించారు. ఆమె నైరోబీలో స్వాహిలీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడేవాళ్ల సంభాషణలను పరిశీలించారు. రెండు భాషలు కలిసినప్పుడు రెండూ సమానంగా ఉండవని, ఒక భాష చట్రం అవుతుందని, రెండోది ఆ చట్రంలో ఇమిడే మాటలను మాత్రమే ఇస్తుందని ఆమె చెప్పింది. పదాల వరుస, విభక్తులు, క్రియల ముగింపులు చట్రం భాషవే అయి ఉంటాయి. తెలుగులో ఈ పని చేసేవి ‘చేయి’, ‘అవు’ అనే రెండు క్రియలు. ఫీల్ అవ్వకు, హర్ట్ అయ్యావా, కాల్ చేస్తా, అడ్జస్ట్ చేసుకో అన్నప్పుడు ఇంగ్లిష్ మాట ముందు వచ్చి కూర్చుంటుంది, వాక్యాన్ని నడిపేది మాత్రం తెలుగు క్రియే. ‘ఫీల్ అవ్వడం’ అయితే ఇప్పుడు అచ్చంగా తెలుగు ప్రయోగమే. ఇంగ్లిష్‌లో ‘ఫీల్’ అంటే ఏదైనా అనిపించడం. తెలుగులో “ఫీల్ అయ్యాడు” అంటే నొచ్చుకున్నాడని.

అందుకే ఒక మనిషి మెసేజ్‌లలో ఇంగ్లిష్ మాటలు పెరిగాయని కంగారు పడాల్సింది లేదు. చట్రం మారిందా అన్నదే గమనించాలి. చట్రం మారితే క్రియ చివర ఉండే ‘వు’, ‘రు’, ‘ను’ అన్నీ ఒక్కసారే మాయమవుతాయి. తెలుగులో ఆ చిన్న అక్షరాలు ఎంత బరువు మోస్తున్నాయో అవి పోయినప్పుడే తెలుస్తుంది.

‘యూ’ దాచేది, ‘నువ్వు’ దాచలేనిది

ఇంగ్లిష్‌లో ఎవరినైనా ‘యూ’ అనే అంటారు. తెలుగులో ఎదుటి మనిషిని పలకరించాలంటే ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి. నువ్వా, మీరా? సర్వనామం వదిలేసినా తప్పించుకోలేం, ఎందుకంటే అది క్రియలోనే ఉంటుంది. “వస్తావా?”, “వస్తారా?” ఈ రెంటికీ మధ్య మూడో దారి లేదు. దాని మీద ‘రా’, ‘ఏ’, ‘అండి’, ‘గారు’, ‘అమ్మా’, ‘నాన్నా’, ‘కన్నా’ లాంటి పిలుపులు చేరతాయి. తెలుగు వాక్యం సమాచారంతో పాటు ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని కూడా ప్రతిసారీ చెప్పేస్తుంది.

కొత్తగా పరిచయమైనవాళ్లు మెసేజ్‌లలో ఇంగ్లిష్‌ను ఎక్కువగా ఎందుకు వాడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. నిశ్చితార్థం అయిన కొత్తలో జంటలు పంపుకునే మెసేజ్‌లు చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది. “రీచ్డ్?”, “హౌ వాజ్ ద డే?” అని నడుస్తుంది. ‘మీరు’ అంటే మరీ పరాయిగా ఉంటుంది, ‘నువ్వు’ అంటే చొరవ తీసుకున్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్ ఈ ఇబ్బందిని కొన్నాళ్లు వాయిదా వేస్తుంది. ఇక్కడ ఇంగ్లిష్ దూరానికి గుర్తు కాదు, ఏ దూరంలో నిలబడాలో ఇంకా తేల్చుకోలేదనడానికి గుర్తు. ఒకరోజు “రీచ్ అయ్యావా?” అని మెసేజ్ వస్తుంది. ఆ చివరి ‘వా’తో తేల్చుకోవడం జరిగిపోయింది. అవతలి నుంచి “ఆ, ఇప్పుడే వచ్చా. నువ్వు తిన్నావా?” అని వస్తే ఒప్పుకున్నట్టు. “యా, రీచ్డ్” అని వస్తే ఇంకా కొంచెం టైమ్ కావాలన్నట్టు.

‘రా’ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పాత వాడుకలో అది మగవాళ్ల మధ్య చనువుకో, చిన్నవాడిని పిలవడానికో వచ్చే మాట. ఆడపిల్లలను పిలవడానికి ‘ఏ’, ‘వే’, ‘ఒసే’ ఉండేవి. ఇప్పుడు స్నేహితురాళ్ల మధ్య, భార్యాభర్తల మధ్య, కూతురితో తండ్రి మాట్లాడేటప్పుడు కూడా “ఏంటి రా”, “పడుకో రా” అని వస్తోంది. ‘వే’లో ఉన్న గద్దింపు ఇందులో లేదు, పైగా బుజ్జగింపు ఉంది. ఈ కొత్త వాడుక కుదిరిన జంటల్లో మొదట పోయేదీ, చివరికి తిరిగి వచ్చేదీ తరచూ ఈ ఒక్క అక్షరమే.

అయితే ప్రాంతాన్ని మరిచిపోకూడదు. గోదావరి జిల్లాల్లో ‘అండి’ మాటమాటకీ వస్తుంది, ఎంత చనువున్నా పోదు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను కూడా ‘నువ్వు’ అనడం మామూలే, అందులో అమర్యాద ఏమీ లేదు. భీమవరం అమ్మాయి “తిన్నారా అండి” అంటే వరంగల్ అబ్బాయికి అది దూరంగా వినబడొచ్చు. ఆమెకు అది ఇంట్లో మాటే. కాబట్టి ఏ పిలుపు దగ్గరితనం, ఏది దూరం అన్నది ముందు ఆ మనిషి ఇంటి అలవాటును బట్టి చూడాలి.

ఆటపట్టించడానికి అరువు తెచ్చుకునే భాష

ఆటపట్టించేటప్పుడు తెలుగువాళ్లు రెండు వైపులకు వెళ్తారు. ఒకటి ఆఫీసు ఇంగ్లిష్. కూరగాయలు తెమ్మని మూడుసార్లు చెప్పినా మరిచిపోయిన భర్తకు “జెంటిల్ రిమైండర్: టమాటాలు” అని మెసేజ్ వస్తుంది. “నోటెడ్ మేడమ్, విల్ డూ ద నీడ్‌ఫుల్” అని ఆయన జవాబిస్తాడు. రెండోది మరీ పైస్థాయి తెలుగు. “తమరు ఇంటికి ఎప్పుడు విచ్చేస్తున్నారో సెలవిస్తే అన్నం పెడతాం” అనడం. దిశలు వేరైనా రెండూ చేసే పని ఒక్కటే. ఇద్దరికీ అలవాటైన ‘నువ్వు’ స్థాయిని వదిలేసి కావాలని ఎక్కువ మర్యాద చూపిస్తారు. అవసరం లేని చోట మర్యాద పెరిగితే అందులో ఆట ఉందని అవతలివాళ్లు గ్రహిస్తారు.

చిక్కు ఎక్కడంటే, నిజంగా కోపం వచ్చినప్పుడు వచ్చేదీ ఇదే ‘నోటెడ్’, ఇదే మర్యాద. అవి రెండూ ఒకే చొక్కా వేసుకుని వస్తాయి. వేరు చేసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆటలో అతి ఉంటుంది. ‘నోటెడ్’ అని ఊరుకోకుండా “నోటెడ్ సార్‌గారూ” అని ఒక తెలుగు తోక తగులుతుంది, లేకపోతే టమాటాల లాంటి చిన్న విషయానికి ఉత్తరం రాసినంత హంగామా చేస్తారు. కోపంలో వచ్చే ఇంగ్లిష్ పొదుపుగా ఉంటుంది. “నోటెడ్.” అంతే, చివర చుక్క కూడా పెడతారు. ఆట జవాబు అడుగుతుంది, వెంటనే ఇంకో మెసేజ్ వచ్చేలా తలుపు తెరిచి ఉంచుతుంది. కోపం తలుపు మూసేస్తుంది. ఇంకో గుర్తు, ఆట రెండు మూడు మెసేజ్‌లలో తేలిపోయి మామూలు తెలుగులోకి దిగిపోతుంది. ఆ మర్యాద మర్నాటి వరకూ సాగితే అది ఆట కాదు.

ముద్దు మాటలకు రెండు భాషలు ఎందుకు కావాలి?

“ఐ లవ్ యూ” అని చెప్పుకోని తెలుగు ప్రేమికులు ఇప్పుడు అరుదు. అదే మాట “నేను నిన్ను ప్రేమిస్తున్నాను” అని మెసేజ్‌లో పెడితే సినిమా డైలాగులా ఉంటుంది, చాలామందికి నవ్వొస్తుంది. దీన్నిబట్టి తెలుగులో ప్రేమ చెప్పడం రాదనుకుంటే పొరపాటు. తెలుగులో ప్రేమ ఆ క్రియలో ఉండదు. తిన్నావా, చేరాక చెప్పు, ఎండలో తిరగకు, జాగ్రత్త అనే మాటల్లో ఉంటుంది. ప్రేమను ప్రకటించాలంటే ఇంగ్లిష్ తెచ్చుకుంటారు, ఆలనాపాలనకు తెలుగు వాడతారు. రెంటికీ పని పంచుకున్నారు కాబట్టి ఇంగ్లిష్‌లో చెప్పిన ప్రేమ తక్కువదని అనలేం.

అయితే మొదటి భాషలో మాట శరీరాన్ని మరోలా తాకుతుందనడానికి ఆధారం ఉంది. కేథరిన్ హారిస్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పన్నెండేళ్లు దాటాక ఇంగ్లిష్ నేర్చుకున్న టర్కిష్ మాతృభాషీయులకు రెండు భాషల్లో మాటలు వినిపించి, చూపించి, చర్మం మీద చెమట వల్ల మారే విద్యుత్ ప్రసరణను కొలిచారు. బూతులకు, చిన్నప్పుడు పెద్దలు తిట్టే మాటలకు మొదటి భాషలోనే ఎక్కువ స్పందన వచ్చింది. ముఖ్యంగా ఆ తిట్ల విషయంలో తేడా బాగా కనబడింది. చిన్నతనంలో అమ్మ నోటి వెంట, ఆ సందర్భంతో, ఆ భయంతో కలిపి నేర్చుకున్న మాట మనసులో అలాగే అతుక్కుని ఉంటుంది. క్లాసులో పుస్తకం చూసి నేర్చుకున్న మాటకు ఆ అతుకు ఉండదు.

జాన్ మార్క్ డ్యువాలె 2008లో, వివిధ దేశాల్లోని బహుభాషీయులను ప్రశ్నావళి ద్వారా అడిగి, “ఐ లవ్ యూ”కు సమానమైన మాట ఏ భాషలో బరువుగా ఉంటుందని విశ్లేషించారు. దాదాపు సగం మంది మొదటి భాషలో అన్నారు. మిగిలినవాళ్లు రెండింటిలో సమానమనో, తర్వాత నేర్చుకున్న భాషలోనే ఎక్కువనో చెప్పారు. అంటే మాతృభాషలోనే భావం నిజమని అందరికీ వర్తించేలా చెప్పలేం. ఏ భాషలో ఎప్పుడు, ఎవరితో బతికారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, అన్నదమ్ములతో కూడా సగం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతూ పెరిగిన హైదరాబాద్ పిల్లలకు ఈ తేడా బాగా తగ్గిపోయి ఉండొచ్చు.

మొదటి భాషకు ఉన్న ఈ చురుకు వల్లే చెప్పడానికి బెరుకుగా ఉన్న విషయాలను ఇంగ్లిష్‌లో చెబుతారు. ‘సారీ’ సులువుగా వస్తుంది. ‘క్షమించు’ మెసేజ్‌లో ఎవరూ రాయరు, ‘తప్పయిపోయింది’ రాయాలంటే మనసు గట్టిది చేసుకోవాలి. ‘మిస్ యూ’ ఎవరికైనా పంపొచ్చు. ‘బెంగగా ఉంది’ అన్నది ఎవరికి పడితే వాళ్లకు పంపే మాట కాదు, అందులో చిన్నపిల్లలు అమ్మ కోసం పెట్టుకునే బెంగ కూడా కలిసి ఉంటుంది. ‘మిస్ యూ’ రాసే మనిషి ఒకరోజు ‘బెంగగా ఉంది రా’ అని రాస్తే ఒక మెట్టు దిగి దగ్గరకు వచ్చినట్టే.

ఎటు నుంచి ఎటు మారారు?

భాష మార్పుకు అర్థం చెప్పడంలో జాన్ గంపర్జ్ అనే పరిశోధకుడు 1982లో రాసినది ఇప్పటికీ పనికొస్తోంది. ఇంటి భాషను ‘మన భాష’ అని, బయటి పెద్ద భాషను ‘వాళ్ల భాష’ అని ఆయన పిలిచారు. ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి మన దేశానిదే. రైలు పెట్టెలో ఐదేళ్ల కొడుకు అటూ ఇటూ ఊగుతూ ముందు నడుస్తుంటే తండ్రి ముందు “కీప్ స్ట్రెయిట్” అంటాడు, తర్వాత “సీధా జావ్” అంటాడు. చెప్పిన మాట ఒకటే. అలాంటి ఉదాహరణలను ఆ భాషలవాళ్లకు వినిపించి అడిగితే, బయటి భాష నుంచి ఇంటి భాషకు మారితే బతిమాలినట్టు, సొంతంగా చెప్పినట్టు ఉంటుందన్నారు. అదే ఇంటి భాష నుంచి బయటి భాషకు మారితే హెచ్చరించినట్టు ఉంటుందన్నారు. వాడిన భాషలు అవే, వరుస మారేసరికి అర్థం తిరగబడింది.

తెలుగు ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. “ఫోన్ పక్కన పెట్టు కన్నా” అని రెండుసార్లు చెప్పిన తల్లి మూడోసారి “ఐ సెడ్ స్టాప్” అంటుంది. పిల్లవాడు అప్పుడు కదులుతాడు. మెసేజ్‌లలో కూడా ఒక మెసేజ్‌ను విడిగా పట్టుకుని ఇంగ్లిష్‌లో ఉందనో తెలుగులో ఉందనో అర్థం చెప్పడం కుదరదు. దానికి ముందున్న నాలుగు మెసేజ్‌లు ఏ చట్రంలో ఉన్నాయో చూడాలి. మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే రాసుకునే ఇద్దరి మధ్య “ఓకే, టాక్ టుమారో” అంటే అందులో ఏమీ లేదు.

ఒక జంట, మూడు వారాలు

ఈ గుర్తులన్నీ కలిపి ఎలా చదవాలో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. భర్తకు హైదరాబాద్‌లో ఉద్యోగం. భార్య నాలుగేళ్ల బాబుతో విజయవాడలో ఉంటూ అక్కడే పని చేస్తోంది. మొదటి వారం ఆమె మెసేజ్‌లు ఇలా ఉన్నాయి: “రెంట్ వేశావా రా? ఓనర్ కాల్ చేశాడు.” “బాబు నీ షర్ట్ పట్టుకుని పడుకున్నాడు.” “మీటింగ్ అయ్యాక కాల్ చెయ్, మర్చిపోకు.” చట్రం తెలుగు, పిలుపు ‘రా’. ఇదీ వాళ్ల మామూలు అలవాటు.

శనివారం ఆమె అన్నయ్య ఇంట్లో గృహప్రవేశం. భర్త వస్తానని చెప్పి, ఆఖరి నిమిషంలో రాలేకపోయాడు. ఆ రోజు గొడవేమీ జరగలేదు. రెండో వారంలో మెసేజ్‌లు ఇలా మారాయి: “రెంట్ పెయిడ్?” “ఓకే.” “బాబు నిద్రపోయాడు. జ్వరం తగ్గింది.” “ఫైన్, యువర్ విష్.”

భర్త మొదట ఆమెకు పని ఎక్కువైందనుకున్నాడు. అది నిజమా కాదా తేల్చడానికి ఒక మార్గం ఉంది, వేళను బట్టి విడదీసి చూడటం. పని ఒత్తిడి వల్ల ఇంగ్లిష్ వస్తే పగటి మెసేజ్‌లలో వస్తుంది, రాత్రి తొమ్మిది దాటాక తెలుగు తిరిగి వస్తుంది. ఇక్కడ రాత్రి మెసేజ్‌లు కూడా అలాగే ఉన్నాయి. ఇంకో సంగతి, బాబు గురించి రాసినప్పుడు మాత్రం తెలుగు చట్రం చెక్కుచెదరలేదు. అంటే ఆమెకు తెలుగులో రాసే ఓపిక లేక కాదు. భర్తను ఉద్దేశించి రాసిన వాక్యాల నుంచే తెలుగు తప్పుకుంది. ఏ విషయంలో భాష మారింది, ఏ విషయంలో మారలేదు అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. ‘రా’ పోయింది, ప్రశ్నలు తగ్గాయి, మెసేజ్ పొడవు తగ్గింది. ఈ మూడూ ఒకే రోజు నుంచి మొదలయ్యాయి. భాష ఒక్కటే మారి ఉంటే అంత నమ్మకంగా చెప్పలేం.

మూడో వారం అతను ఫోన్ చేసి గృహప్రవేశం సంగతి ఎత్తాడు. ఆ రాత్రి ఆమె నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది: “అందరి ముందు నేనొక్కదాన్నే పీటల దగ్గర నిలబడ్డా. ఎవరు అడిగినా ఏం చెప్పాలో తెలియలేదు. నీకు అసలు ఏమైనా అనిపించిందా?” చాలామంది ఇక్కడే తప్పుగా చదువుతారు. ‘ఫైన్’ అని ఊరుకున్న మనిషి ఇప్పుడు తిడుతోంది, పరిస్థితి ఇంకా చెడిందనుకుంటారు. చట్రాన్ని చూస్తే ఇది తిరిగి రావడం. వాక్యాలు నిండుగా ఉన్నాయి, ‘నీకు’ అని సూటిగా అడిగింది, చివర ప్రశ్న పెట్టి జవాబు కోరింది. తిట్టడానికి ఇంటి భాషకు వచ్చారంటే ఆ సంబంధంలో ఇంకా పట్టు ఉందని అర్థం. రెండు రోజుల తర్వాత “సార్‌గారు ఈ శనివారమైనా దయచేస్తారా, లేక మీటింగా?” అని వచ్చింది. అది ఆట. ‘రా’ రావడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

తప్పుగా చదివించే చోట్లు

భాష మారడానికి మనసుతో సంబంధం లేని కారణాలు చాలా ఉంటాయి. మొదటిది టైపింగ్. తెలుగు మెసేజ్‌లను ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాలతోనే కొడతారు. ఈ అలవాటు ఎస్ఎంఎస్ కాలంలోనే పాతుకుపోయింది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పట్టేవి. తెలుగు లిపిలో పంపితే 70కి మించి పట్టేవి కావు, చాలా ఫోన్లలో ఆ లిపి కనబడేదీ కాదు. వాట్సాప్ వచ్చాక ఆ పరిమితి పోయింది, అలవాటు మాత్రం పోలేదు. కొత్త ఫోన్ కొన్నవాళ్లకు, పాత కీబోర్డు నేర్చుకున్న తెలుగు మాటలు పోయి, కొట్టిన ప్రతి తెలుగు మాటనూ ఫోన్ ఇంగ్లిష్ మాటగా దిద్దుతుంటే, విసుగొచ్చి కొన్నాళ్లు ఇంగ్లిష్‌లోనే రాస్తారు. ఇలాంటప్పుడు భాష మారుతుంది గానీ ప్రశ్నలు తగ్గవు, వేళ మారదు, కాల్ చేస్తే గొంతు మామూలుగానే ఉంటుంది. మార్పు ఒక్కరికే పరిమితం కాదు కూడా. వాళ్ల అమ్మకు, ఫ్రెండ్‌కు పంపే మెసేజ్‌లు కూడా అలాగే మారతాయి.

రెండోది, పక్కన ఇంకొకరు ఉండటం. ఆఫీసులో స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడో, తెలుగు చదవగలిగే బంధువు పక్క సీట్లో కూర్చున్నప్పుడో ‘రా’లు, ‘బంగారం’లు ఆగిపోతాయి. దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది, అది మాత్రం తేలిగ్గా తీసుకోకూడనిది. గొడవల మధ్య ఒకరు ఉన్నట్టుండి పూర్తి వాక్యాలతో, తేదీలతో, దిద్దిన ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెడితే, ఆ మెసేజ్‌ను మూడో మనిషి చదువుతారని వాళ్లు అనుకుంటూ ఉండవచ్చు. అన్నయ్యో, పెద్దమనిషో, లాయరో. ఆ ఇంగ్లిష్ ఎదుటి మనిషి కోసం రాసింది కాదు, రికార్డు కోసం రాసింది.

మూడోది విదేశాల్లో పెరిగిన పిల్లలు. డల్లాస్‌లో పుట్టిన అమ్మాయి గుంటూరులో అమ్మమ్మకు “లవ్ యూ అమ్మమ్మా” అని పెడితే అందులో దూరం లేదు, ఆమెకు ఇంటి భాషే ఇంగ్లిష్. ఆ అమ్మాయి వచ్చీరాని తెలుగులో “బాగున్నావా, మందులు వేసుకున్నావా” అని రాస్తే అది అమ్మమ్మ వైపు వేసిన పెద్ద అడుగు. ఇక్కడ ‘మన భాష’, ‘వాళ్ల భాష’ అనే గంపర్జ్ లెక్కే తిరగబడుతుంది.

భాష మారిందని గమనించాక

హోవర్డ్ గైల్స్ 1970లలో ప్రతిపాదించిన సర్దుబాటు సిద్ధాంతం ప్రకారం, దగ్గర కావాలనుకునేవాళ్లు ఎదుటివారి మాట తీరు వైపు జరుగుతారు, తేడా చూపాలనుకునేవాళ్లు పక్కకు జరుగుతారు. మెసేజ్‌లకు దగ్గరగా ఉన్న ఆధారం కూడా ఒకటుంది. మోలీ ఐర్లండ్, జేమ్స్ పెన్నెబేకర్ తదితరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రేమ జంటల చాట్‌లను పది రోజులు గమనించారు. సర్వనామాలు, చిన్న చిన్న వ్యాకరణ పదాల వాడకం ఇద్దరిలో ఎంతగా కలిసిందో చూశారు. బాగా కలిసిన జంటలు మూడు నెలల తర్వాత కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువని తేలింది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేవి విడి పదాలు. తెలుగులో వాటి పనిలో చాలా భాగం క్రియ చివరి ప్రత్యయాలు, పిలుపులు చేస్తాయి. పైన చెప్పిన చట్రం సంగతి అందుకే ఇక్కడికీ వర్తిస్తుంది.

ఈ కలవడంలోనే ఒక ఉచ్చు ఉంది. ఒకరు నొచ్చుకుని “ఓకే” అంటే రెండోవారు తెలియకుండానే “ఓకే” అంటారు. ఆమె “రెంట్ పెయిడ్?” అంటే అతను “యెస్, పెయిడ్” అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు అనుసరిస్తూనే ఆ చల్లటి చట్రంలో ఇరుక్కుపోతారు, తర్వాత మొదట ఎవరు మారారో కూడా గుర్తుండదు. “ఏంటి, ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నావ్?” అని నిలదీస్తే సాధారణంగా “నథింగ్” అనే వస్తుంది, ఎందుకంటే ఆ మార్పు చాలాసార్లు తెలిసి చేసింది కాదు. భాష గురించి అడగకుండా, తన వైపు పాత చట్రాన్ని వదలకుండా ఉండటం ఎక్కువగా పనిచేస్తుంది. “యెస్, పెయిడ్” బదులు “వేశాను రా. బాబుకి జ్వరం పూర్తిగా తగ్గిందా, నువ్వు పడుకుంటున్నావా అసలు?” అని రాయడం. అవతల మార్పుకు కారణం కీబోర్డో, ఆఫీసో అయితే ఒకటి రెండు రోజుల్లోనే తెలుగు తిరిగి వస్తుంది. వారం దాటినా “యా, ఫైన్” అనే వస్తుంటే కారణం మెసేజ్‌లలో దొరకదు. అప్పుడు ఫోన్ చేసి, ఫలానా రోజు ఏం జరిగిందని పేరు పెట్టి అడగాల్సిందే.